మిద్దె మీద పోర్షన్ బాడుగకు: ఏదీ దాచకుండా 90 సెకన్లలో ఇల్లు చూపించే వీడియో స్క్రిప్టు

మాది కర్నూలు పాత ఊరు. కింద మేముంటాం, మిద్దె మీద పోర్షన్ బాడుగకు ఇస్తాం. పోయినసారి పోర్షన్ ఖాళీ అయినప్పుడు మా తమ్ముడి కొడుకు ఫోనుతో 40 సెకన్ల వీడియో తీసి, వెనక పాట పెట్టి షార్ట్స్‌లో వేశాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండింది. రెండు వారాల్లో 23 ఫోన్లు వచ్చాయి, 9 కుటుంబాలు మెట్లెక్కి చూసి వెళ్లాయి, ఒక్కరూ అడ్వాన్సు ఇవ్వలేదు.

వెళ్లేవాళ్లను నేను ఒక్కటే అడిగేదాన్ని: "ఏం నచ్చలేదమ్మా, చెప్పండి, ఏమీ అనుకోను." వాళ్లు చెప్పింది క్యాలెండరు వెనక రాసిపెట్టాను. నలుగురు నీళ్ల సంగతి అన్నారు. ఇద్దరు బెడ్‌రూములో వేడి అన్నారు. ఇద్దరు "వీడియోలో గది పెద్దగా కనబడింది కదక్కా" అన్నారు. ఒకామె వాళ్లత్తకు మోకాళ్ల నొప్పులట, మెట్లు చూసి కిందనుంచే వెనక్కి తిరిగింది. ఈ తొమ్మిది కారణాల్లో ఒక్కటి కూడా మా వీడియోలో లేదు.

రెండో వీడియో ఆ క్యాలెండరు చూసి రాసుకున్నదే. దానికి ఫోన్లు 11 మాత్రమే వచ్చాయి. ముగ్గురు చూడ్డానికి వచ్చారు, రెండోవాళ్లు తీసుకున్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఆ స్క్రిప్టు ఎట్లా తయారైందో మొదటి నుంచి చెబుతాను. మీ ఇల్లు వేరు, లోపాలు వేరు, కానీ రాసుకునే పద్ధతి ఇదే.

మొదట కాగితం, తర్వాత ఫోను

వీడియో తీసే ముందు ఒక కాగితం మీద రెండు జాబితాలు రాసుకోండి. మొదటిది, ఇల్లు చూసి వద్దని వెళ్లినవాళ్లు చెప్పిన కారణాలు. రెండోది, పాత బాడుగవాళ్లు ఉన్నన్నాళ్లు మీకు చెప్పుకున్న ఇబ్బందులు. మొదటిసారి బాడుగకు ఇస్తుంటే మీరే ఒక రాత్రి, ఒక మధ్యాహ్నం ఆ పోర్షన్‌లో చాప వేసుకుని పడుకోండి. పగలు పది నిమిషాలు చూసినదానికీ రాత్రి పడుకున్నదానికీ చాలా తేడా ఉంటుంది. పక్క సందులో వెల్డింగు షాపు ఉందని నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. మిద్దె మీద మధ్యాహ్నం పడుకున్న రోజే ఆ చప్పుడు ఎంత వినబడుతుందో తెలిసింది.

ఈ రెండు జాబితాల నుంచి నాలుగైదు విషయాలే తీసుకోండి. ఎవరైనా ఇల్లు వద్దనుకోవడానికి కారణమయ్యేవి ఆ నాలుగైదే. తలుపు కిర్రుమనడం, గోడకు పాత మేకు రంధ్రం లాంటివి వీడియోలో అక్కర్లేదు, మరమ్మతు చేయించండి చాలు.

ఇక్కడ ఒక హద్దు ఉంది. కొన్ని లోపాలు చెప్పి ఇచ్చేవి కావు, బాగుచేసిన తర్వాతే ఇల్లు ఇవ్వాలి. స్లాబు పెచ్చులూడి ఇనుప కడ్డీ బయటికి కనబడటం, స్విచ్చు ముట్టుకుంటే జిల్లుమనడం, మెట్లకు పట్టుకోవడానికి రెయిలింగు లేకపోవడం, గాలి పోయే కంత లేని బాత్‌రూములో గ్యాసు గీజరు. ఇవి ఉంటే వీడియో పక్కన పెట్టి మేస్త్రీనో ఎలక్ట్రీషియన్‌నో పిలవండి. "ముందే చెప్పాం కదా" అన్నంత మాత్రాన మనిషికి దెబ్బ తగలకుండా పోదు.

కొలతల రోజు

"గది విశాలంగా ఉంటుంది", "నీళ్లకు ఇబ్బంది లేదు" అనే మాటలు ఎవరూ నమ్మరు, ఎందుకంటే అందరూ అవే చెబుతారు. అంకె చెబితే నమ్ముతారు. అందుకని ఒక రోజు టేపు, 15 లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని పోర్షన్ అంతా తిరగండి.

గదులు గోడ నుంచి గోడకు కొలవండి. సజ్జ కింద, అలమర ముందు కాకుండా, మంచం వేసుకునే చోట కొలవాలి. మా హాలు 10 అడుగులకు 11, బెడ్‌రూము 10కి తొమ్మిదిన్నర, వంటిల్లు 7కి 6. మెట్లు ఎన్ని, ఒక్కో మెట్టు ఎంత ఎత్తు అనేది కూడా కొలిచాను. ఎనిమిదిన్నర అంగుళాలు వచ్చింది. పాత మిద్దెల మెట్లు చాలావరకు ఇట్లాగే నిటారుగా ఉంటాయి. వయసు పైబడినవాళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగడం కష్టమని నాకు అర్థమైంది. సందు వెడల్పు 9 అడుగులు.

నీళ్ల దగ్గర ఎక్కువసేపు ఉండండి. రాయలసీమలో ఇల్లు వెతుక్కునే ఏ మనిషైనా బాడుగ తర్వాత అడిగేది నీళ్ల గురించే. అందులోనూ వాళ్లు నాలుగు ప్రశ్నలు కలిపి అడుగుతారు. వచ్చేవి కొళాయి నీళ్లా, బోరు నీళ్లా? ఎన్ని రోజులకొకసారి? పైదాకా ఎక్కుతాయా? ఉప్పు నీళ్లా, మంచి నీళ్లా? నాలుగింటికీ విడివిడిగా జవాబు ఉండాలి. "24 గంటలూ నీళ్లు" అని బోర్డు పెట్టి లోపల ఉప్పు బోరు నీళ్లు ఇస్తే అది అబద్ధం కాకపోవచ్చు గానీ, వచ్చిన మనిషి దాన్ని మోసంగానే తీసుకుంటాడు.

పైపు ధార చెప్పడానికి బకెట్టు పరీక్ష చాలు. బాత్‌రూము కొళాయి పూర్తిగా తిప్పి బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగమే ఉన్నప్పుడు ఒకసారి. మిద్దె మీద పోర్షన్‌లో ట్యాంకుకూ కొళాయికీ మధ్య ఎత్తు తక్కువ కాబట్టి నీటికి ఒత్తిడి తక్కువ, కింద పోర్షన్ కంటే ధార సన్నగా వస్తుంది. మాకు నిండు ట్యాంకుతో 50 సెకన్లు, సగం ట్యాంకుతో నిమిషం దాటింది.

ఉప్పు నీళ్లని మనం అనేవి చాలాసార్లు నాలుకకు ఉప్పగా ఉండవు. సున్నం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉన్న నీళ్లు అవి. గుర్తు పట్టడం తేలిక. కొళాయి మూతి చుట్టూ, బకెట్టు అడుగున తెల్ల పొర కట్టి ఉంటుంది. ఇంకా తెలియాలంటే ఒక పారదర్శకమైన సీసాలో సగం నీళ్లు పోసి, గోరంత స్నానపు సబ్బు ముక్క వేసి బాగా ఊపండి. మంచి నీళ్లయితే నురగ పైదాకా లేస్తుంది. ఉప్పు నీళ్లయితే నురగ సరిగా రాకుండా నీళ్లు తెల్లగా మసకబారతాయి. ఈ పరీక్షకు గిన్నెలు తోమే లిక్విడ్ వాడొద్దు, అది ఉప్పు నీళ్లలోనూ నురగ తెస్తుంది.

వేడికి మంచి కొలత సాయంత్రం. కర్నూల్లో మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పైన ఇంకో అంతస్తు లేని ఇంట్లో స్లాబు పగలంతా ఆ ఎండను పీల్చుకుని, పొద్దు గుంకిన తర్వాత నిదానంగా లోపలికి వదులుతుంది. అందుకే రాత్రి తొమ్మిదింటికి కూడా ఫ్యాను కింద వేడి గాలి వస్తుంది. పడమటి గోడకు కిటికీ ఉంటే ఇంకా ఎక్కువ. ఏ గోడ పడమటిదో ఫోనులో దిక్సూచి పెట్టి చూసుకోండి. మధ్యాహ్నం మూడింటికి, సాయంత్రం ఏడింటికి, రాత్రి పదింటికి ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. ఎన్ని గంటలదాకా వేడి తగ్గలేదో అదే మీరు చెప్పాల్సిన మాట.

కర్నూలు పాత ఊళ్లో, హంద్రీ ఒడ్డు వైపు, తుంగభద్ర వైపు ఇళ్లున్నవాళ్లు ఇంకొకటి కూడా రాసుకోవాలి. 2009 అక్టోబరు వరదలు చూసినవాళ్లు ఇప్పటికీ ఇల్లు చూడ్డానికొస్తే గోడ వైపు చూసి "ఇక్కడిదాకా వచ్చినాయా?" అని అడుగుతారు. వచ్చి ఉంటే ఎంతవరకు వచ్చాయో చెప్పండి. మా కిందింట్లోకి మోకాలి లోతు వచ్చాయి, పైకి రాలేదు. ఈ మాట చెబితే ఎవరూ రారని మా ఇంట్లో వాదించారు. ఒక బ్యాంకు ఉద్యోగి ఈ మాట విన్న తర్వాతే ఫోన్ చేశానని నాతో అన్నాడు.

లోపాన్ని ఎట్లా చెప్పాలి

ఇది నేను చాలా తప్పులు చేసి నేర్చుకున్నది. లోపం చెప్పే వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: ఏది, ఎంత, ఎప్పుడు, మేం ఏం చేశాం.

నేను మొదట రాసింది: "బెడ్‌రూము ఎండాకాలం కొంచెం వేడిగా ఉంటుంది, అడ్జస్ట్ అయిపోవచ్చు." ఇది విన్నవాళ్లకు ఏమీ తెలియదు. "కొంచెం" అంటే ఎంతో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకుంటారు. "అడ్జస్ట్ అయిపోవచ్చు" అనేది ఆ గదిలో పడుకోబోయేవాళ్లు నిర్ణయించుకోవాల్సిన మాట, ఇంటివాళ్లు చెప్పే మాట కాదు.

తర్వాత రాసింది: "ఈ గోడ పడమటి వైపు, పైన వేరే అంతస్తు లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదిదాకా ఈ గది వేడిగా ఉంటుంది. మిద్దెకు తెల్ల కూలింగ్ పెయింటు వేయించాం, కొంత తగ్గింది. కూలరుకు కిటికీ దగ్గర ప్లగ్గు ఉంది." ఇప్పుడు రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే నర్సు ఇది విని తనకు కుదరదని ఇంట్లో కూర్చునే తెలుసుకుంటుంది. పొద్దున ఎనిమిదికి షాపుకు వెళ్లి రాత్రి పదికి వచ్చే కుర్రవాడు ఇది తనకు పెద్ద ఇబ్బంది కాదనుకుంటాడు. ఒకే లోపం ఒకరికి అడ్డు, ఇంకొకరికి కాదు.

"ఏం చేశాం" అన్న భాగంలో చేసిందే చెప్పండి. "వచ్చే నెల మోటరు మారుస్తాం" అని వీడియోలో అంటే, మార్చనినాడు ఆ వీడియోనే మీకు చూపిస్తారు, చూపించడం న్యాయం కూడా. ఏమీ చేయలేదా? అయితే "దీనికి మేమేమీ చేయించలేదు" అనండి. మెట్ల ఎత్తుకు నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇబ్బంది అవుతుందని చెప్పి ఊరుకున్నాను.

ఏ వరుసలో చూపించాలి

మొదటి ఎనిమిది సెకన్లలో ఊరు, చోటు, ఎన్ని గదులు, ఏ అంతస్తు, బాడుగ, అడ్వాన్సు చెప్పేయాలి. బాడుగ దాచి "వివరాలకు ఫోన్ చేయండి" అంటే వచ్చే ఫోన్లలో సగం బాడుగ అడిగి పెట్టేసేవే.

ఆ తర్వాత వచ్చే మనిషి ఎట్లా నడుస్తాడో అదే వరుస: సందు మొదలు, మెట్లు, హాలు, బెడ్‌రూము, వంటిల్లు, బాత్‌రూము. సందు చూపించకుండా హాలుతో మొదలుపెట్టిన వీడియోలు నాకు నచ్చవు. ఆటో ఎక్కడిదాకా వస్తుంది, సిలిండరు బండి గుమ్మం దాకా వస్తుందా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అనేవి ఇంటి బయటే తేలిపోతాయి. ప్రతి లోపం అది ఉన్న చోట నిలబడి చెప్పండి. చివర్లో కట్టగట్టి "కొన్ని ఇబ్బందులు ఉన్నాయి" అని చెబితే అప్పటికి చాలామంది వీడియో వదిలేసి ఉంటారు.

మా స్క్రిప్టు, మొత్తం

షార్ట్స్‌లో 3 నిమిషాల దాకా పెట్టవచ్చు, కానీ నాకు 90 సెకన్లు సరిపోయాయి. నెమ్మదిగా, అర్థమయ్యేట్టు మాట్లాడితే నా నోటికి నిమిషానికి 110 మాటల దాకా వస్తాయి. అంటే 90 సెకన్లకు 165 మాటలు. కాగితం మీద రాసుకుని ఒకసారి పైకి చదివి, స్టాప్‌వాచ్‌తో చూసుకోండి. ఎక్కువైతే తొందరగా చదవొద్దు, మాటలు తీసేయండి.

సందు మొదట్లో నిలబడి, 0 నుంచి 8 సెకన్లు:
"కర్నూలు పాత బస్టాండుకు పన్నెండు నిమిషాల నడక. మిద్దె మీద పోర్షన్. హాలు, బెడ్‌రూము, వంటిల్లు. బాడుగ ఆరు వేల ఐదువందలు, అడ్వాన్సు రెండు నెలలది."

సందులో నడుస్తూ, 8 నుంచి 19:
"సందు తొమ్మిది అడుగులు. ఆటో ఇక్కడిదాకే వస్తుంది, ఇక్కడినుంచి ఒక నిమిషం నడవాలి. కారుకు చోటు లేదు. బైకులు రెండు పెట్టుకోవచ్చు."

మెట్ల కింద నుంచి పైకి చూపిస్తూ, 19 నుంచి 26:
"మెట్లు పదిహేడు, ఒక్కోటి ఎనిమిదిన్నర అంగుళాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం."

హాలు మూల నుంచి, 26 నుంచి 35:
"హాలు పదికి పదకొండు అడుగులు. ఇక్కడ వేసింది ఆరుకు మూడు మంచం. కింద బేతంచెర్ల బండలు. వినబడేది పక్క సందులో వెల్డింగు షాపు, సాయంత్రం ఏడుదాకా ఉంటుంది."

బెడ్‌రూములో పడమటి గోడ మీద చెయ్యి పెట్టి, 35 నుంచి 52:
"బెడ్‌రూము పదికి తొమ్మిదిన్నర. ఈ గోడ పడమటి వైపు, పైన వేరే అంతస్తు లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదిదాకా ఈ గది వేడిగా ఉంటుంది. మిద్దెకు తెల్ల కూలింగ్ పెయింటు వేయించాం, కొంత తగ్గింది. కూలరుకు కిటికీ దగ్గర ప్లగ్గు ఉంది."

వంటిల్లు, అక్కడినుంచి బాత్‌రూము, 52 నుంచి 74:
"వంటింట్లో, బాత్‌రూములో బోరు నీళ్లు. రోజంతా వస్తాయి, కానీ ఉప్పు నీళ్లు. కొళాయి మీద తెల్ల మరక చూడండి. పదిహేను లీటర్ల బకెట్టు నిండడానికి యాభై సెకన్లు. మున్సిపాలిటీ నీళ్లు రోజు మార్చి రోజు కింద సంపులోకి వస్తాయి, పైకి బిందెతో మోసుకోవాలి. తాగడానికి మేం క్యాన్ తెప్పించుకుంటాం."

మీటరు బోర్డు దగ్గర, 74 నుంచి 83:
"పైపోర్షన్‌కు కరెంటు మీటరు వేరే ఉంది. రెండు వేల తొమ్మిది వరదల్లో కిందింట్లోకి నీళ్లొచ్చాయి, పైకి రాలేదు."

మళ్లీ గుమ్మం దగ్గర, 83 నుంచి 90:
"సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య ఫోన్ చేయండి. ఇల్లు చూడకుండా ఎవరికీ ఒక్క రూపాయి కూడా పంపొద్దు."

కరెంటు మీటరు మాట చిన్నదే గానీ ఎందుకు పెట్టానో చెప్పాలి. ఇళ్ల కరెంటు బిల్లులో వాడకం పెరిగేకొద్దీ పై స్లాబులో యూనిట్ రేటు పెరుగుతుంది. ఒకే మీటరు మీద రెండు ఇళ్లు నడిస్తే ఇద్దరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి పోతాయి, తక్కువ వాడే బాడుగవాళ్లూ ఎక్కువ రేటు కట్టాల్సి వస్తుంది. మీకు విడి మీటరు లేకుండా సబ్ మీటరే ఉంటే, ఆ సంగతీ, యూనిట్‌కు ఎంత లెక్కన తీసుకుంటారో ఆ సంగతీ వీడియోలోనే చెప్పండి. మోటరు కరెంటు ఎవరి మీటరు మీద నడుస్తుందో కూడా. బాడుగ ఇళ్లలో నెలనెలా గొడవ వచ్చేది ఇక్కడే.

షరతుల గురించి. గేటు వేసే టైము, ఎంతమంది ఉండొచ్చు, మిద్దె మీద బట్టలు ఆరేసుకోవచ్చా అనేవి ఉంటే ఒక వాక్యం కలుపుకోండి. కులం, మతం అడిగే మాట మాత్రం నేను పెట్టలేదు, ఎవరినీ పెట్టమని చెప్పను. నాకు కావాల్సింది నెల తిరిగేసరికి బాడుగ ఇచ్చి, ఇంటిని సొంతింటిలా చూసుకునే మనిషి. అది కులం అడిగితే తెలిసేది కాదు.

తీసేటప్పుడు

మా మొదటి వీడియోలో గది పెద్దగా కనబడటానికి కారణం 0.5x. ఫోన్లో ఆ లెన్స్ ఎదుటి గోడను దూరంగా నెట్టి, పక్కలను సాగదీస్తుంది. పది అడుగుల గది పదిహేనులా కనబడుతుంది. ఇల్లు చూడ్డానికి వచ్చిన మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే ముఖం మారిపోయేది అందుకే. 1x లోనే తీయండి. గది మొత్తం ఒకేసారి పట్టకపోతే మూలలో నిలబడి నెమ్మదిగా తిప్పండి. గదిలో అందరికీ సైజు తెలిసిన వస్తువు ఒకటి పెట్టండి. మేం సింగిల్ మంచం వేశాం. వంటింట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టాం. మంచం వేశాక ఎంత చోటు మిగిలిందో చూస్తే టేపు అంకె కంటే బాగా అర్థమవుతుంది.

ఫోను నిలువుగా, ఛాతీ ఎత్తులో పట్టుకోండి. తల మీదికి ఎత్తి తీసినా గది పెద్దదే అనిపిస్తుంది. పొద్దున తొమ్మిది, పది మధ్య వెలుతురు బాగుంటుంది. లైట్లన్నీ వేసి తీయొద్దు. ఒక గదిలో లైటు ఆర్పి, కిటికీ వెలుతురులో ఎట్లా ఉంటుందో రెండు సెకన్లు చూపించండి. పగలు లైటు వేసుకోవాల్సిన గది అయితే అది కూడా తెలియాలి.

మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపేయండి, లేకపోతే గాలి చప్పుడే రికార్డవుతుంది. వెనక పాట పెట్టకండి. పాట పెడితే వీధి చప్పుడు వినబడదు, ఆ చప్పుడు వినబడటం మనకు అవసరం. హాల్లో వెల్డింగు మాట చెప్పే ముందు రెండు సెకన్లు ఊరికే నిలబడ్డాను, ఆ చప్పుడు వీడియోలో దానంతటదే వచ్చింది.

బకెట్టు నిండేదాకా 50 సెకన్లు చూపించలేం కదా. ఖాళీ బకెట్టు, నిండిన బకెట్టు, పక్కన స్టాప్‌వాచ్ అంకె, మధ్యలో ఒక్క కోత. కోత ఉందని కనబడేట్టే వదిలేయండి. మిగతాదంతా ఎక్కడా కోయకుండా ఒకే నడకలో తీస్తే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే గుమ్మం నుంచి బాత్‌రూము దాకా ఏదీ దాటెయ్యలేదని చూసేవాళ్లకు తెలుస్తుంది. మాకు నాలుగోసారికి కుదిరింది.

తెర మీద రాసే అక్షరాలు కింద పెట్టొద్దు. షార్ట్స్‌లో కింద వీడియో పేరు, కుడి పక్క గుర్తులు వస్తాయి, మీ అంకెలు వాటి వెనక పడిపోతాయి. పైభాగంలో, ఒకసారికి ఒకే అంకె: "10 × 11 అడుగులు" అంతే.

పాత బాడుగవాళ్లు ఇంకా ఖాళీ చేయకుండా తీయాల్సి వస్తే వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన టైముకే వెళ్లండి. వాళ్ల పిల్లల ఫొటోలు, ఆరేసిన బట్టలు, దేవుడి గూడు, గోడకు తగిలించిన మందుల చీటీ ఏవీ పడకూడదు. మేం వాళ్లు ఖాళీ చేసేదాకా ఆగాం.

వేసే ముందు, వేసిన తర్వాత

వీడియోలు దించుకుని, తమ నంబరు పెట్టి, "టోకెన్ అడ్వాన్సు పంపితే ఇల్లు ఆపుతాం" అని డబ్బు లాగేవాళ్లు ఉన్నారు. చివరి వాక్యం అందుకే. దాంతోపాటు ఫోను నంబరును మాటల్లో చెప్పకుండా వీడియో మధ్యలో, గది మీదుగా పలచగా, మొదటి నుంచి చివరిదాకా ఉండేట్టు రాయండి. మూలలో రాస్తే కత్తిరించేస్తారు. తలుపు నంబరు, సందు పేరు వీడియోలో పడనీయొద్దు. వస్తామన్నవాళ్లకు ఫోన్లో చెబితే చాలు.

వీడియో కింద ఇట్లా రాయండి: ఊరు, చోటు, గదులు, బాడుగ, ఏ తేదీ నుంచి ఖాళీ, వీడియో ఏ తేదీన తీశారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ మసకబారి కొళాయి మరక కూడా కనబడదు. డాక్యుమెంటుగా పంపండి, లేదా షార్ట్స్ లింకు పంపండి.

ఫోన్లు వచ్చినప్పుడు ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే అది స్క్రిప్టులో లేదని, లేదా ఉన్నా అర్థం కాలేదని లెక్క. మాకు "నెట్ వస్తుందా అక్కా?" అని ముగ్గురు అడిగారు. లోపలి బెడ్‌రూములో తలుపు వేసి ఫోన్ చేసి చూశాను. ఒక నెట్‌వర్కు మాట తెగిపోయింది, ఇంకొకటి బాగానే వచ్చింది. ఆ సంగతి వీడియో కింద రాసి, మొదటి కామెంటుగా కూడా పెట్టాను. ఇంటికి వచ్చినవాళ్లను "వీడియోలో చూసినదానికీ ఇక్కడికీ ఏం తేడా ఉంది?" అని అడగండి. మా రెండో వీడియో చూసి వచ్చిన ముగ్గురిలో ఒకరు వంటిల్లు ఇంకా చిన్నగా ఉందన్నారు. చూస్తే, 7కి 6 అన్న మాట ఆ వీడియోలో నేను చెప్పనే లేదు. క్యాన్ పెట్టాను కాబట్టి సరిపోతుందనుకున్నాను. వచ్చేసారికి స్క్రిప్టులో ఆ కొలత కలిపి, వెల్డింగు వాక్యం కొంచెం కుదించి పెట్టుకున్నాను.

ఇల్లు కుదిరిన రోజే నంబరు ఉన్న ఆ వీడియోను ప్రైవేటు చేయండి. తీసేయొద్దు. 11 నెలల అగ్రిమెంటు రాసుకునేటప్పుడు నేను బాడుగవాళ్లతో కూర్చుని ఆ వీడియో ఇంకోసారి చూపించాను. నీళ్లు, వేడి, మీటరు గురించి చెప్పినవే అగ్రిమెంటులో మూడు లైన్లుగా రాసుకున్నాం. మళ్లీ ఖాళీ అయినప్పుడు పాత వీడియోనే వేయడం కుదరదు. బోరు నీళ్లు మేలో ఒకలా, డిసెంబరులో ఒకలా ఉంటాయి. బకెట్టు, స్టాప్‌వాచ్ తీసుకుని మళ్లీ మెట్లెక్కాల్సిందే.